జమాల్ బీ కాలమ్

గవర్నర్‌పేటలో నా కంప్యూటర్ రిపేరు కొట్టుకి వచ్చేవాళ్లంతా ఏదో ఒకటి పాడైపోయిందని వచ్చేవాళ్లే. మెహరాజ్ మాత్రం పాడైందని ఎప్పుడూ రాలేదు. ఫలానా పని ఇలా చేయొచ్చా అని అడగటానికి వచ్చేది. చెప్పింది వినేసి వెళ్లిపోయేది. వారం తర్వాత మళ్లీ వచ్చి, నేను చెప్పినదానికంటే మెరుగ్గా ఎలా చేసిందో చూపించేది. పదో తరగతి, టైపు లోయరు. అంతకు మించి చదువుకోలేదు. ఎక్సెల్ తనంతట తానే నేర్చుకుంది.

వాళ్లది వన్ టౌన్‌లో వించిపేట. తండ్రి లేడు. తల్లి జమాల్ బీ ఇరవై ఆరేళ్లు ఒకే చోట పనిచేసింది. రామలింగం గారి అద్దకం షెడ్డు అంటే పెడన దాకా చేనేతవాళ్లకి తెలుసు. మిల్లు నుంచి వచ్చిన తెల్ల నూలుకి అక్కడ రంగువేసి, ఆరబెట్టి, చిలపలనే కట్టలుగా చుట్టి మగ్గాలవాళ్లకి ఇస్తారు. తొమ్మిది తొట్లు, అరవై నాలుగు రంగులు. ఏ తొట్టిలో ఎంత రంగు పడాలో చెప్పేది జమాల్ బీ.

రంగుల కంపెనీవాళ్లు ఒక పట్టిక ఇస్తారు. కిలో నూలుకి ఇన్ని గ్రాములని అందులో ఉంటుంది. అది వాళ్ల నీళ్లకి, వాళ్ల నూలుకి సరిపోయే లెక్క. ఇక్కడ బోరు నీళ్లు ఎండాకాలంలో ఉప్పెక్కుతాయి, వానాకాలంలో పలచబడతాయి. ఒక డ్రమ్ములో రంగు ఘాటుగా ఉంటుంది, ఇంకో డ్రమ్ములో ఉండదు. పట్టిక ప్రకారం తూచిన రంగులోంచి జమాల్ బీ ఒక పిడికెడు వెనక్కి తీసేసేది, లేదా ఇంకో పిడికెడు వేసేది. ఎందుకని అడిగితే, "నీళ్లు చూడు, నూలు చూడు, తెలుస్తుంది" అనేది. చూసినవాళ్లెవరికీ తెలిసేది కాదు.

మెహరాజ్ 2000లో అదే షెడ్డులో కంప్యూటర్ మీద కూర్చుంది. మొదటి ఏడాదంతా ఒకే పని చేసింది. తల్లి పిడికిట్లో పట్టింది తొట్టిలో పడకముందే తక్కెడలో వేయించి రాసుకుంది. ప్రతి రంగుకీ, ప్రతి మార్పుకీ. ఏడాది తిరిగేసరికి దాన్ని ఒక లెక్కలోకి తెచ్చింది. కంపెనీ చెప్పినంతే వేస్తే 1. పావు వంతు తగ్గిస్తే 0.75. పావు వంతు పెంచితే 1.25.

ఆ ఫైలు నేను చూశాను. మొదటి షీటులో రంగు నంబరు, పేరు, కంపెనీ గ్రాములు, ఆ పక్కన తల్లి లెక్క. ఆ కాలమ్ పైన ఇంగ్లీషు అక్షరాల్లో JAMAL BEE అని ఉండేది. వెనక తొమ్మిది షీట్లు, తొట్టికి ఒకటి. నూలు ఎన్ని కిలోలో కొడితే చాలు, మొదటి షీటు నుంచి కంపెనీ గ్రాములూ జమాల్ బీ లెక్కా తెచ్చుకుని, మూడూ గుణించి, ఎంత రంగు తూచాలో చెప్పేది. నలభై కిలోల మెరూన్‌కి కంపెనీ ముప్పై గ్రాములంటే పన్నెండు వందలు. జమాల్ బీ 0.75 అంటే తొమ్మిది వందలు. ఆ చీటీ ప్రింటరు మీంచి చింపి తొట్టి దగ్గరికి పంపేది. ఎక్కడా ఒక్క సూత్రం వంకరగా లేదు. అలాంటి పని చేసినవాళ్లు మా బజారులో ఎవరూ లేరు.

మొదటి షీటుని ఎవరూ చెరపకుండా పాస్‌వర్డుతో తాళం వేసుకోవచ్చని నేనే చెప్పాను. వేసింది.

2003లో రామలింగం గారికి ఒంట్లో బాగాలేక అల్లుడు దుర్గాశంకర్‌కి షెడ్డు అప్పగించారు. బాగా చదువుకున్నవాడు. చెడ్డవాడని నేననను. పని జరిగే చోట కంటే కాగితం మీదే అతనికి చూపు ఎక్కువ. ఫిబ్రవరిలో ఒకరోజు జమాల్ బీని ఆఫీసు గదిలోకి పిలిచాడు. మెహరాజ్ అదే గదిలో ఉంది.

"అమ్మా, ఇన్నేళ్లు కష్టపడ్డారు. ఇక విశ్రాంతి తీసుకోండి. మీ చెయ్యి కంప్యూటర్లో ఉందిగా."

జమాల్ బీ కూతురి వైపు చూసింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. గోళ్లలో ఎప్పుడూ ఉండే నీలం తుడిస్తే పోయేది కాదు.

ఆ సాయంత్రం మెహరాజ్ నా కొట్టుకి వచ్చింది. అడగటానికి ఏమీ లేదు. స్టూలు మీద కూర్చుని, "అమ్మీని ఇంటికి పంపింది నేనే" అంది. "నేను ఎక్కించకపోతే వాడు పంపగలిగేవాడా?"

తను ఉద్యోగం మానలేదు. ఇల్లు గడవాలి. పైగా వెళ్లిపోతే షెడ్డులో ఏం జరిగేదీ చూసే వీలుండదు. ప్రతి వారం తొట్లలోంచి నూలు ముక్కలు రుమాల్లో కట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది. తల్లి కిటికీ దగ్గర పట్టుకుని చూసి, "దీనికి రంగు కొంచెం లాగు, దీనికి ఇంకాస్త వదులు" అనేది. మర్నాడు ఆ కాలమ్‌లో అంకెలు మారేవి. అంటే మానేసిన మనిషి ఇంట్లో కూర్చుని పనిచేస్తూనే ఉంది. దుర్గాశంకర్‌కి ఆ సంగతి తెలీదు. మెహరాజ్ చెప్పలేదు.

పద్నాలుగు నెలలు అలా నడిచింది.

2004 ఏప్రిల్‌లో ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి ప్రింటరు మీంచి తొమ్మిది చీటీలు వచ్చాయి. మూడో తొట్టి దగ్గర పనిచేసే షబ్బీర్ తన చీటీ పట్టుకుని ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చాడు. ముప్పై దాటినవాడు, కబుర్లపోగు.

"ఆపా, రెఫ్ అంటే ఏ రంగు?"

"ఏంటి?"

"గ్రాముల దగ్గర రెఫ్ అని ఉంది. ముందో గడి, వెనకో కర్ర. డ్రమ్ములన్నీ వెతికాను. రెఫ్ రంగు మన దగ్గర లేదు. తెప్పించమంటావా?"

వెనకాల నలుగురు నవ్వారు. వాళ్ల చీటీల్లోనూ అదే ఉంది. #REF! అని.

మెహరాజ్ మొదటి షీటు తెరిచింది. జమాల్ బీ కాలమ్ లేదు. దాని పక్కనుండే రిమార్కుల కాలమ్ జరిగి ఆ చోట కూర్చుంది. సాయంత్రం నాతో ఈ మాట చెబుతున్నప్పుడు తన గొంతులో ఆశ్చర్యం లేదు. ఎదురుచూసిన కబురు అందినట్టు చెప్పింది.

దుర్గాశంకర్ వచ్చి చూశాడు.

"నిన్న ఆదివారం నేనే సర్దాను," అన్నాడు. "చెన్నై బయ్యర్లు రికార్డులు చూడ్డానికి వస్తున్నారు. మానేసిన మనిషి హాజరు ఇంకా అందులో ఎందుకని తీసేశాను. దానికీ దీనికీ సంబంధమేంటి?"

"హాజరా సార్?"

"జమాల్ బీ అని పేరు. కింద ఒకటి, ముప్పాతిక, ఒకటింబావు. హాజరు కాక మరేంటి?"

అతని తప్పు అదే. మన షెడ్లలో కూలి హాజరు అలాగే వేస్తారు. రోజంతా చేస్తే ఒకటి, మధ్యాహ్నం దాటాక వెళ్లిపోతే ముప్పాతిక, పొద్దుపోయేదాకా ఉంటే ఒకటింబావు. మనిషి పేరు కింద ఆ అంకెలు చూసి ఇంకేమని అనుకుంటాడు?

నాకు ఫోను చేశారు. సైకిలు మీద వెళ్లాను. అప్పటికే దుర్గాశంకర్ అండూ నొక్కి చూశాడు. పనిచేయలేదు. ఆదివారం నాడు కాలమ్ తీసేసి, ఫైలు సేవ్ చేసి, కంప్యూటర్ ఆపేశాడు. సేవ్ చేసినప్పుడే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. తీసేసిన క్షణంలోనే వెనకున్న తొమ్మిది షీట్లలోనూ ఈ తప్పు పడి ఉంటుంది. అతను మొదటి షీటు మీదే ఉన్నాడు, వెనక్కి తిప్పి చూడలేదు.

"అయితే మళ్లీ ఒక కాలమ్ పెడదాం," అన్నాడు. "అదే చోట, అదే పేరుతో."

పెట్టాడు. JAMAL BEE అని తన చేత్తోనే కొట్టాడు. కింద ఒకట్లు నింపాడు. వెనక షీట్లు తిప్పాడు. తొమ్మిదింటిలోనూ #REF! అలాగే ఉంది.

"ఇదేంటండీ? అక్కడే పెట్టాను కదా!"

ఒక గడి మీద నొక్కి సూత్రం చూపించాను. "ఇక్కడ చూడండి. కిలోలు ఉన్నాయి, కంపెనీ గ్రాములు ఉన్నాయి. మూడోదాని చోట కాలమ్ పేరు లేదు, రెఫ్ అనే మాట ఉంది. మీరు కాలమ్ తీసెయ్యగానే ఈ సూత్రం దాని చిరునామా చెరిపేసి ఆ మాట రాసుకుంది. కొత్తది తెచ్చి పక్కన నిలబెట్టినా ఇది పోల్చుకోదు. సూత్రంలోనే మళ్లీ చూపించాలి. లోపలున్న అంకెలు మాత్రమే చెరిపి కాలమ్‌ని ఉంచేసి ఉంటే ఈ తప్పు వచ్చేది కాదు. అన్ని చోట్లా సున్నా వచ్చేది, అంతే."

"సరే, చూపించండి."

"చూపించడం అరగంట పని. చూపించాక అందులో ఏ అంకెలు ఉండాలి? అరవై నాలుగు."

దుర్గాశంకర్ మెహరాజ్ వైపు తిరిగాడు. "బ్యాకప్ ఉందా?"

"తియ్యమని నాకెవరూ చెప్పలేదు సార్," అంది మెహరాజ్, ప్రింటరు కాగితం సర్దుకుంటూ.

"పాత చీటీలు?"

షబ్బీర్ అందుకున్నాడు. "చీటీలు తొట్టి దగ్గర తడిసి పేస్టయిపోతాయండి. మిగిలినవాటితో పొయ్యి అంటిస్తాం."

ఆ సాయంత్రం ఆరింటికి మెహరాజ్ నా కొట్టుకి వచ్చి సంచిలోంచి ఒక ఫ్లాపీ తీసింది. "ఇది చదువుతుందో లేదో చూస్తారా?"

పెట్టాను. చదివింది. శనివారం తారీఖు. కాలమ్, అంకెలు, తొమ్మిది షీట్లు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"బ్యాకప్ లేదన్నావు?"

"లేదనలేదండీ. ఎవరూ చెప్పలేదన్నాను. ప్రతి శనివారం నా కోసం నేను తీసుకుంటాను."

"రెండు నిమిషాల పని అమ్మా ఇది. పద, పెట్టేద్దాం."

తను చెయ్యి చాపింది. ఫ్లాపీ తీసి ఇచ్చాను. సంచిలో వేసుకుంది.

"తాళం వేసిన షీటులో కాలమ్ ఎలా తీశాడతను?" అని అడిగాను. అప్పటిదాకా నాకు తట్టలేదు.

"తాళం లేదండీ. అమ్మీని పంపిన రోజే తీసేశాను."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాను.

"నేను చెరపలేదు, ఒక్క అంకె మార్చలేదు. రోజూ సరిగ్గా చేశాను. తలుపు ఒకటి తెరిచి ఉంచాను, అంతే. ఆ పేరు అక్కడుంటే ఏదో ఒకరోజు వాడి కంట్లో పడుతుందని తెలుసు. పేరు చూస్తే తీసేస్తాడని తెలుసు. పద్నాలుగు నెలలు రోజూ పొద్దున ఆ షీటు తెరిచి, ఇవాళా ఉందే అనుకున్నాను."

"ఇప్పుడేం కావాలి నీకు?"

"వాడు మా ఇంటికి రావాలి. వచ్చి, మీ చెయ్యి నా దగ్గర లేదమ్మా అని అడగాలి. అమ్మీ మళ్లీ తొట్టి దగ్గర నిలబడాలి. అంతదాకా ఇది సంచిలోంచి బయటికి రాదు. మీరు చెబుతారా?"

"అడిగితే అబద్ధం చెప్పను. అడగకుండా చెప్పను," అన్నాను.

మర్నాడు దుర్గాశంకర్ నన్ను అడిగిన మాట, "ఈ మిషన్లో ఇంకెక్కడైనా ఉందా?" అని. "ఈ మిషన్లో లేదండీ," అన్నాను. నిజమే.

మంగళవారం అతను జమాల్ బీ లెక్క లేకుండానే నడుపుదామన్నాడు. కంపెనీ పట్టిక ఉందిగా, అదే తూచమన్నాడు. మూడో తొట్టిలో నలభై కిలోల మెరూన్‌కి షబ్బీర్ పన్నెండు వందల గ్రాములు తూచాడు. ఆరాక చూస్తే నేరేడుపండు రంగు. ఆకుపచ్చ ఒకటి పాలిపోయింది. పసుపు ఒక్కటీ బాగానే వచ్చింది, ఎందుకంటే దాని అంకె ఒకటే.

బుధవారం పొద్దున పెడన నుంచి చౌడేశ్వరి వచ్చింది. నాలుగు మగ్గాల మనిషి. పడుగు నూలు సోమవారమే అందాల్సింది, రెండు రోజులుగా మగ్గాలు ఆగి ఉన్నాయి. నేరేడు రంగు చిలప చేతికివ్వగానే ఎండలోకి తీసుకెళ్లి చూసి, తిరిగొచ్చి బల్ల మీద పడేసింది.

"మెరూన్ అడిగితే బొగ్గు ఇస్తున్నారేంటయ్యా? పేకకి నా దగ్గర పాత మెరూన్ ఉంది. ఈ రెండూ కలిపి నేస్తే చీర కాదు, గళ్ల లుంగీ అవుద్ది. ఏమైంది మీకు?"

షబ్బీర్ తల గోక్కున్నాడు. "ఏం చెప్పమంటావు చౌడమ్మా. జమాల్ బీ కాలం పోయింది. ఆదివారం."

చౌడేశ్వరి చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

"ఆదివారమా? నాకు కబురన్నా చెయ్యలేదే!"

"మాకే సోమవారం దాకా తెలీలేదు. మొత్తం ఆగిపోయింది. అల్లుడుగారి చేతిలోనే పోయింది."

"అల్లుడుగారి చేతిలోనా?"

"ఆయనే తీసేశాడు."

షబ్బీర్ చెప్పేది కంప్యూటర్ కాలమ్ గురించి. ఆమె విన్నది వేరు. ఇంకో మాట వినకుండా, బల్ల మీది చిలప సంచిలో కుక్కుకుని ఆటో ఎక్కి వించిపేటకి వెళ్లింది. సందు మొదట్లోనే ఏడుపు ఎత్తుకుంది. ఇల్లు చేరేసరికి వాకిట్లో జమాల్ బీ చేటలో బియ్యం ఏరుతూ కనబడింది.

"ఏమైందే చౌడీ? ఎవరు పోయారు?"

చౌడేశ్వరి మెట్టు మీద కూలబడింది. "నువ్వే పోయావంట కదా అక్కా!"

"ఎవడన్నాడు?"

"షెడ్డులో చెప్పారు. ఆదివారం కాలం చేశావని. అల్లుడుగారి చేతిలోనే అని."

జమాల్ బీకి నవ్వు ఆగలేదు. తర్వాత ఆగింది. చౌడేశ్వరి సంచిలోంచి పొడుచుకొచ్చిన నేరేడు రంగు చిలప కనబడింది. అందుకుని, ఒక పోగు లాగి, వెలుగుకి పట్టి, వేళ్ల మధ్య నలిపింది.

"ఎవరు వేశారు దీన్ని? పన్నెండు వందలూ పోసేశారు. మగ్గాలు ఎన్ని రోజుల్నుంచి ఆగాయి?"

"సోమవారం నుంచి."

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లిన మెహరాజ్‌కి ఆ చిలప కంచం పక్కన కనబడింది. ఆ గంటలో జరిగింది మెహరాజే నాకు చెప్పింది.

"నీ దగ్గరుందా లెక్క?" అని తల్లి అడిగింది.

"ఉంది."

"చౌడీ మగ్గాలు ఆగాయి. అది నిన్నేం చేసింది?"

"ఏం చెయ్యలేదు."

"మరి?"

"ఇచ్చేస్తే రేపు పొద్దున్నే తొమ్మిది తొట్లూ నడుస్తాయి అమ్మీ. నువ్వు ఇక్కడే బియ్యం ఏరుతుంటావు. నేను మళ్లీ రుమాల్లో నూలు తెస్తుంటాను. నీ చెయ్యి నిన్ను అడక్కుండా తీసుకెళ్లి వాడికిచ్చింది నేను. మళ్లీ ఇవ్వను. కొట్టు, తిట్టు, ఇవ్వను."

జమాల్ బీ తన గోళ్లు చూసుకుంది. పద్నాలుగు నెలల్లో నీలం పూర్తిగా పోయి, అందరి గోళ్లలా తెల్లబడ్డాయి.

"రేపటి దాకా చూస్తాను," అంది. "రేపటికి వాడు రాకపోతే నేనే నడిచివెళ్లి తొట్టిలో చెయ్యిపెడతాను. చౌడీ కోసం. నీ పంతం అంతవరకే."

దుర్గాశంకర్ ఆ సాయంత్రమే వచ్చాడు. వించిపేటలో ఇల్లు తెలీదని నన్ను వెంట తీసుకెళ్లాడు. పాతికేళ్లకి పైగా తమ షెడ్డులో చేసిన మనిషి ఇల్లు ఎక్కడో అతనికి తెలీదు. దారంతా ఏం మాట్లాడాలో తనలో తను వల్లెవేసుకుంటున్నాడు.

జమాల్ బీ కుర్చీ వేసింది. మెహరాజ్ గుమ్మంలో నిలబడింది.

"నమస్తే అమ్మా. షెడ్డులో కొంచెం ఇబ్బందిగా ఉంది. మీరొకసారి వచ్చి ఆ లెక్కలేవో చెబితే..."

"నేనెందుకు బాబూ? నా చెయ్యి కంప్యూటర్లో ఉందన్నారుగా."

దుర్గాశంకర్ నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

"పోయిందమ్మా."

"ఎట్లా పోయింది?"

"నేనే తీసేశాను."

"ఎందుకు తీసేశారు?"

"మీ హాజరనుకున్నాను."

జమాల్ బీ కూతురి వైపు చూసి, మళ్లీ అతని వైపు తిరిగింది. "నేను రావట్లేదుగా బాబూ. రాని మనిషికి పద్నాలుగు నెలలు రోజూ హాజరు పడుతుంటే ఒక్కసారన్నా ఎందుకని అడగాలనిపించలేదా?"

అతను చెమట తుడుచుకున్నాడు.

"నన్ను రమ్మంటున్నారా, లెక్క చెప్పి పొమ్మంటున్నారా? అది తేల్చండి."

"రమ్మంటున్నానమ్మా."

"ఎన్నాళ్లకి?"

"మీ ఓపిక ఉన్నన్నాళ్లు."

"ఓపికకేం, మొన్న చచ్చిపోయి కూడా లేచి కూర్చున్నాను," అంది జమాల్ బీ. "రేపు పొద్దున వస్తాను. మూడో తొట్టి కడిగించి ఉంచండి. ఆ బొగ్గు నీళ్లు నా కంటికి కనబడకూడదు."

గుమ్మంలో ఉన్న మెహరాజ్ మొహంలో జాలి ఏమాత్రం లేదు. అతను లేచి వెళుతుంటే పక్కకి జరిగి దారి ఇచ్చింది. అంతే.

గురువారం తొమ్మిది తొట్లూ నడిచాయి. శుక్రవారం చౌడేశ్వరి మెరూన్ ఎండలో చూసుకుని సంచిలో పెట్టుకుంది.

ఆ శనివారం మెహరాజ్ మళ్లీ నా కొట్టుకి వచ్చింది. ఫ్లాపీ బల్ల మీద పెట్టి, నా పనిముట్లలోంచి కత్తెర తీసుకుంది. పైనున్న రేకు ఊడబీకి, లోపలి పల్చటి నల్లటి బిళ్ల బయటికి లాగింది.

"ఆగు," అన్నాను. నాకు మనసొప్పలేదు. "నాలుగేళ్ల పని అది. అలాంటిది మళ్లీ నువ్వు కూడా చెయ్యలేవు."

"అందుకేనండీ," అంది.

బిళ్లని రెండుగా కత్తిరించింది, మళ్లీ నాలుగుగా. ముక్కలు నా చెత్తబుట్టలో వేసి, కత్తెర తీసిన చోటే పెట్టింది.

"వాడి మీద కోపం సరే. పని మీద ఎందుకు?"

"ఇది ఉన్నంతకాలం అమ్మీని ఇంకోసారి పంపెయ్యొచ్చు. వాడు కాకపోతే ఇంకొకడు. ఇప్పుడు ఎవడూ పంపలేడు. నేను పంపాలనుకున్నా పంపలేను."

తర్వాత రెండు నెలలకి ప్రింటరు రిబ్బను మార్చడానికి షెడ్డుకి వెళ్లాను. పొద్దున తొమ్మిది. ఫైలు తెరిచి ఉంది. మెహరాజ్ సూత్రాలన్నీ కొత్తగా రాసింది. జమాల్ బీ కాలమ్ మళ్లీ వచ్చింది, ఈసారి తాళంతో. అంకెలు కొట్టే గడులు మాత్రం వదిలి, మిగతాదంతా బిగించేసింది. ఆ కాలమ్‌ని ఇక ఎవరూ తీసెయ్యలేరు. కానీ అందులో ఒక్క అంకె లేదు. ప్రతి సాయంత్రం వెళ్లేముందు ఆ అంకెలన్నీ తనే చెరిపేస్తుంది. అంకె ఖాళీగా ఉంటే వెనక షీటు గుణించదు, ఒక మాట చూపిస్తుంది. ఆ మాట తనే సూత్రంలో పెట్టింది.

ప్రింటరు కదిలింది. మూడో తొట్టి చీటీలో గ్రాముల చోట ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా వచ్చింది: JAMAL BEE NI ADAGANDI.

"ఇది రోజూనా?" అన్నాను.

"రోజూ. మొదటి చీటీలు అలాగే వస్తాయి. అడిగొచ్చి అంకె కొడితే అప్పుడు గ్రాములు."

"ఎవరు అడుగుతారు?"

"మొదట్లో షబ్బీర్ వెళ్లేవాడు. అమ్మీ అతనికి చెప్పనంది. చీటీ మీద సంతకం ఎవరిదైతే వాళ్లే రావాలంది."

చీటీల మీద సంతకం దుర్గాశంకర్‌ది. అతను తొమ్మిది కాగితాలు పట్టుకుని మమ్మల్ని దాటుకుంటూ షెడ్డులోకి వెళ్లాడు. నేను కిటికీలోంచి చూశాను. మెహరాజ్ పని ఆపి నా పక్కన నిలబడింది.

జమాల్ బీ మూడో తొట్టి దగ్గర వంగి ఉంది. చేతులు మోచేతుల దాకా నీలం. అతను వచ్చినట్టు తెలిసినా తలెత్తలేదు. నీళ్లు దోసిట్లో తీసుకుని చూసి, వదిలేసి, మళ్లీ తీసుకుంది.

"అమ్మా, ఇవాళ మెరూన్‌కి ఎంత?"

"చూడనివ్వండి బాబూ."

అతను నిలబడ్డాడు. కింద నీళ్లు చెప్పుల్లోకి వస్తున్నాయి. ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి మారాడు.

"ఎంతసేపు పడుతుందమ్మా?"

"తొందరెందుకు బాబూ," అంది జమాల్ బీ నూలు మీంచి కన్ను తిప్పకుండా. "ఈలోగా నా హాజరు వేసుకోండి."